ఏడు లక్షల యాభై అయిదు వేల రెండు వందల నలభై మూడు

జూన్ 12, 2024

బిల్డర్ నుంచి మెయిల్. సబ్జెక్టు లైన్లో "శుభాకాంక్షలు". లోపల నాలుగే వాక్యాలు. మీ ఫ్లాటు అప్పగింతకు సిద్ధంగా ఉంది. పొజెషన్ ఛార్జీలు రూ. 7,55,243. పదిహేను రోజుల్లో చెల్లించగలరు. ఆలస్యమైతే 18 శాతం వడ్డీ.

అంకె ఒక్కటే. దేనికెంతో లేదు. చివర మూడు రూపాయల దాకా ఉంది కాబట్టి ఎవరో ఎక్కడో కూడారు. ఆ కూడిక కాగితం నాకు కావాలి.

జూన్ 13

మా ఆయన అన్నారు: "92 లక్షలు కట్టాం. దీని దగ్గర ఆగుతామా? కట్టేద్దాం."

92 లక్షల్లో చాలా భాగం బ్యాంకు లోను. బ్యాంకు అగ్రిమెంటు ధరకే అప్పిస్తుంది. ఈ ఏడున్నర లక్షలు మాత్రం చేతి నుంచి పోవాలి. నా పీఎఫ్, ఆయన ఫిక్స్‌డ్ డిపాజిట్.

నాన్న పంతులు గారితో మాట్లాడి వచ్చారు. ఆషాఢం వెళ్లాక శ్రావణంలో గృహప్రవేశానికి మంచి రోజు దొరికిందట. ఆ తేదీ బిల్డర్ ఆఫీసులో ఎవరికీ చెప్పొద్దన్నాను. నాన్నకు ఎందుకో అర్థం కాలేదు. తేదీ తెలిస్తే వాళ్లు తొందరపడరు. మనం పడతాం.

జూన్ 14

సీఆర్ఎమ్ అమ్మాయికి ఫోన్. బ్రేకప్ మెయిల్ చేయమన్నాను.

"సిస్టమ్‌లో అలా రాదు మేడమ్. నేను చదువుతాను, మీరు రాసుకోండి."

కరెంటు బిల్లు కవరు వెనక రాసుకున్నాను. ఆమె చదివిన వరసలోనే:

కార్పస్ ఫండ్, అడుగుకు 60: 99,000. దాని మీద జీఎస్టీ 17,820.
మెయింటెనెన్స్ అడ్వాన్సు, 24 నెలలు: జీఎస్టీతో 1,63,548.
కరెంటు, నీళ్లు, ఇన్‌ఫ్రా, అడుగుకు 125: జీఎస్టీతో 2,43,375.
క్లబ్‌హౌస్: జీఎస్టీతో 1,77,000.
లీగల్, డాక్యుమెంటేషన్: జీఎస్టీతో 29,500.
వుడ్‌వర్క్ డిపాజిట్: 25,000.

కూడితే సరిగ్గా 7,55,243. అంటే సిస్టమ్‌లో ఉంది. ఆ అమ్మాయి తెర మీద చూస్తూనే చదివింది.

"ఇదే మెయిల్ చేయొచ్చు కదమ్మా?"

"పైనుంచి పర్మిషన్ లేదు మేడమ్."

ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్లుంటాయేమో. ఆమె మీద కోపం రాలేదు.

జూన్ 16, ఆదివారం

కవరు ముందు పెట్టుకుని కూర్చున్నాను. కాలేజీ అకౌంట్స్ సెక్షన్లో ఇన్నేళ్లుగా చేసేదే. ఏ రసీదు వచ్చినా మొదట అడిగేది: ఈ డబ్బు చివరికి ఎవరిది?

అలా చూస్తే ఇవన్నీ మూడు రకాలు.

కొన్ని బిల్డర్‌కి ధర. క్లబ్‌హౌస్ అలాంటిది. ఆయన కట్టాడు, మనం కొంటున్నాం, డబ్బు ఆయనది. దానికి అగ్రిమెంటులో మాట ఉండాలి, పన్ను ఇన్వాయిసు ఉండాలి.

కొన్ని డిపాజిట్లు. కార్పస్ రేపు ఏర్పడే అసోసియేషన్‌ది. బిల్డర్ కొన్నాళ్లు దాన్ని పట్టుకుని ఉంటాడు, అంతే. పదేళ్ల తర్వాత లిఫ్టు మార్చాల్సి వస్తే వాడుకోవాల్సిన డబ్బు అది.

మిగతావి ఆయన చేతి మీదుగా వేరేచోటికి వెళ్లేవి. కరెంటు పంపిణీ సంస్థకు, వాటర్ బోర్డుకు కట్టినవి. వీటికి వాళ్లిచ్చిన రసీదే లెక్క. రసీదులో ఎంతుంటే అంత, ఫ్లాట్ల మీద పంచితే ఎంతొస్తే అంత.

మూడు రకాలనూ ఒకే అంకెలో కలిపి ఒకే ఖాతాకు కట్టించుకుంటే, తర్వాత ఏది ఎవరిదో విడదీయడం ఎవరి వల్లా కాదు. రసీదు మీద "పొజెషన్ ఛార్జీలు" అని మాత్రమే ఉంటుంది.

అత్తమ్మ కవరు తీసి చూశారు. కరెంటు బిల్లు కట్టావా అని అడిగారు.

జూన్ 17

అగ్రిమెంటు మళ్లీ చదివాను. పెన్సిల్‌తో.

కార్పస్: అడుగుకు 50. కవరు మీద 60.

మెయింటెనెన్స్ అడ్వాన్సు: 12 నెలలు. కవరు మీద 24.

కరెంటు, నీటి కనెక్షన్లు: సంబంధిత సంస్థలకు కట్టిన వాస్తవ ఖర్చులో ఫ్లాటు వాటా. రేటు ఏమీ రాయలేదు. 125 అనే అంకె ఎక్కడిదో తెలియదు.

క్లబ్‌హౌస్: 1,50,000, పన్ను అదనం. ఇది ఉంది. కట్టాలి.

లీగల్: ఆ మాటే లేదు.

ఇంకో క్లాజు కనబడింది. మొత్తం ధర పెరగదు. ప్రభుత్వ సంస్థలు పెంచే ఛార్జీలు మినహాయింపు. అలా పెంచి అడిగితే, పెంచిన ఉత్తర్వు కాపీ కూడా డిమాండ్ లెటర్‌కు జతచేయాలి. రెరా నమూనా అగ్రిమెంటులో ఉన్న క్లాజే ఇది. మా బిల్డర్ కూడా అలాగే ఉంచాడు. సంతకం పెట్టిన రోజు ఈ పేజీ దగ్గర ఎవరూ ఆగలేదు. మార్కెటింగ్ అబ్బాయి వేలు పెట్టి చూపించిన చోటల్లా సంతకం చేశాం.

వడ్డీ 18 శాతం కూడా లేదు. అగ్రిమెంటులో ఉన్నది స్టేట్ బ్యాంకు అత్యధిక ఎంసీఎల్ఆర్‌కు రెండు శాతం కలిపి. ఇవాళ్టి లెక్కన 11 దగ్గర. ఆలస్యం మాదైనా వాళ్లదైనా అదే రేటు. తెలంగాణ రెరా రూల్సులోనూ ఇంతే.

జూన్ 18

బ్రోచరు అల్మారా పైన దొరికింది. నిగనిగలాడే కాగితం. స్పెసిఫికేషన్ల పేజీలో: నూరు శాతం పవర్ బ్యాకప్, మురుగునీటి శుద్ధి ప్లాంటు. అగ్రిమెంటు షెడ్యూలులోనూ ఈ రెండూ ఉన్నాయి, ధరలో భాగంగా. "ఇన్‌ఫ్రా" అంటే ఏమిటో అడగాలి. దీని కోసమే.

జూన్ 19

తమ్ముడు జీఎస్టీ రిటర్నులు వేస్తాడు. రాత్రి ఫోన్‌లో చాలాసేపు మాట్లాడాడు. గుర్తుండేలా రాసుకున్నవి:

డిపాజిట్‌గా తీసుకున్న డబ్బును, దాన్ని దేనికైనా ప్రతిఫలంగా సర్దుకునేదాకా, చట్టం చెల్లింపుగా లెక్కించదు. కార్పస్ నిజంగా డిపాజిట్టే అయితే దాని మీద 18 శాతం ఎందుకు? డిపాజిట్ కాదంటే, అది తమ ఆదాయమని బిల్డర్ రాసివ్వాలి. రెండింటిలో ఏదో ఒకటి.

కరెంటు, నీళ్ల డబ్బు వేరేవాళ్లకు కట్టడానికి మన తరఫున తీసుకుంటే దాన్ని ప్యూర్ ఏజెంట్ అంటారు. కట్టినంతే తీసుకోవాలి, ఇన్వాయిసులో వేరుగా చూపాలి. అప్పుడు దాని మీద పన్ను ఉండదు. పైన ఒక్క రూపాయి వేసుకున్నా ఆ మినహాయింపు పోతుంది.

మెయింటెనెన్స్ బిల్డర్ చేస్తే 18 శాతం పన్ను. అసోసియేషన్ చేస్తే, సభ్యుడి నుంచి నెలకు 7,500 దాకా పన్ను లేదు. మాది నెలకు 5,775. రెండో ఏడాదికి ఇప్పుడే బిల్డర్‌కు కట్టేస్తే, కట్టక్కర్లేని 12,474 పన్ను కడతాం.

"అక్కా, ఇదంతా లెటర్‌లో రాయకు" అన్నాడు. "వాదన పెట్టకు. అడుగు, అంతే. వాళ్లే రాయాలి."

అది నిజం. ఉత్తరంలో నేను చట్టం చెబితే వాళ్ల లాయరు జవాబిస్తాడు. లెక్క అడిగితే అకౌంట్స్ వాళ్లు జవాబివ్వాలి.

జూన్ 20

ఉత్తరం. ఇంగ్లీషులో పంపాలి. ముందు తెలుగులో రాసుకున్నాను, ఏం అడుగుతున్నానో నాకు స్పష్టంగా ఉండాలని.

"అయ్యా,

మీ 12వ తేదీ మెయిల్‌లో పొజెషన్ ఛార్జీల కింద రూ. 7,55,243 చెల్లించమన్నారు. ఏ పద్దు కింద ఎంతో అందులో లేదు. అగ్రిమెంటు ప్రకారం నేను బాకీ ఉన్నదంతా చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను. అది ఎంతో తెలుసుకోవడానికి ఈ కింది వివరాలు కంపెనీ లెటర్‌హెడ్ మీద, అధీకృత సంతకంతో ఇవ్వగలరు.

ప్రతి పద్దుకూ దాని పేరు, రేటు, ఆ రేటు ఎంత విస్తీర్ణం మీద లేదా ఎన్ని నెలలకు వేశారో, పన్ను వేరుగా, అగ్రిమెంటులో అందుకు ఆధారమైన క్లాజు నంబరు.

కరెంటు, నీటి కనెక్షన్లకు మీరు సంబంధిత సంస్థలకు కట్టిన మొత్తం, డిమాండ్ నోటీసులు, రసీదుల కాపీలు, ఆ మొత్తాన్ని ఫ్లాట్ల మీద పంచిన పద్ధతి. ఇన్‌ఫ్రా అన్న పద్దులో ఏమేం ఉన్నాయో విడిగా.

కార్పస్ ఏ బ్యాంకు ఖాతాలో ఉంచుతారు, అసోసియేషన్‌కు ఎప్పుడు బదిలీ చేస్తారు, దాని మీద పన్ను ఎందుకు వేశారు.

మెయింటెనెన్స్ ఏ తేదీ నుంచి లెక్కిస్తున్నారు. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కాపీ.

వుడ్‌వర్క్ డిపాజిట్ ఎన్ని రోజుల్లో, ఏ షరతులతో తిరిగి ఇస్తారు.

వడ్డీ రేటు 18 శాతం అన్నారు. అగ్రిమెంటులో ఆ రేటు ఏ క్లాజులో ఉందో తెలపగలరు.

ఈ వివరాలు అందిన తేదీ నుంచి చెల్లింపు గడువు లెక్కించవలసిందిగా కోరుతున్నాను. వివాదం లేని పద్దులు ఈలోగానే చెల్లిస్తాను."

రిజిస్ట్రేషన్ ఖర్చుల గురించి ఏమీ అడగలేదు. ఆ చలానా నేరుగా ప్రభుత్వానికి, మా పేరుతోనే. దాన్ని ఇందులో కలపకూడదు.

ఆయన చదివి, "మర్యాదగానే ఉంది" అన్నారు. మరేం ఉండాలి.

జూన్ 21

మెయిల్ పంపాను, సీఆర్ఎమ్‌కు కాదు, అగ్రిమెంటులో నోటీసుల కోసం ఇచ్చిన ఐడీకి. కాగితం కాపీ రిజిస్టర్డ్ పోస్టులో, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డుతో, అగ్రిమెంటులో ఉన్న చిరునామాకే. ఈ చిరునామాకు పంపిందే నోటీసు కింద లెక్క.

పోస్టాఫీసులో కార్డు నింపుతుంటే పక్కన ఒక పెద్దాయన పెన్ను అడిగారు. ఆయన కవరు మీదా ఒక కన్‌స్ట్రక్షన్ కంపెనీ పేరు. వేరే కంపెనీ. ఏమీ మాట్లాడుకోలేదు.

జూన్ 24

వివాదం లేనివి కట్టేశాను. అన్నీ ఒకే ట్రాన్స్‌ఫర్‌లో కాదు. ఒక్కో పద్దు విడిగా, రిమార్క్స్‌లో పద్దు పేరు, ఫ్లాటు నంబరు.

కార్పస్, అగ్రిమెంటు రేటున 50 చొప్పున 1,650 అడుగులకు: 82,500.
మెయింటెనెన్స్ 12 నెలలు పన్నుతో: 81,774.
క్లబ్‌హౌస్ పన్నుతో: 1,77,000.
వుడ్‌వర్క్ డిపాజిట్: 25,000. తిరిగొచ్చేది. షరతులు అడిగాను.

మెయింటెనెన్స్, క్లబ్‌హౌస్‌ల నుంచి ఒక శాతం టీడీఎస్ తగ్గించాను. ఇల్లు 50 లక్షలు లేదా అంతకు మించితే కొనేవాళ్లు ధరలో ఒక శాతం పట్టి 26QB లో కట్టాలని అందరికీ తెలుసు. 2019 సెప్టెంబరు నుంచి క్లబ్ ఫీజు, పార్కింగ్, కరెంటు, నీళ్ల ఛార్జీలు, మెయింటెనెన్స్ కూడా ఆ ధరలోకే వస్తాయి. ఇది చాలామందికి తెలియదు. బిల్డర్ డిమాండులో టీడీఎస్ ప్రస్తావనే లేదు. అడిగినంతా కట్టేసి ఉంటే, పట్టనందుకు పన్ను శాఖకు జవాబు చెప్పాల్సింది కొన్నవాళ్లే.

మొత్తం 2,193. పన్ను కాకుండా ఉన్న మొత్తం మీద. చిన్నదే. ఫారం మాత్రం పెద్దది.

జూన్ 27

పదిహేనో రోజు. ఫోన్.

"మేడమ్, మీది ఇంకా పెండింగ్ చూపిస్తోంది. రేపటి నుంచి ఇంట్రస్ట్ పడుతుంది."

"లెటర్ చూశారా అమ్మా?"

"అది లీగల్‌కి ఫార్వర్డ్ చేశాం మేడమ్."

బ్రేకప్ అడిగితే లీగల్‌కు పంపారు. అకౌంట్స్‌కు పంపి ఉంటే ఓ పూటలో అయిపోయేది.

జూలై 3

అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు తిరిగొచ్చింది. కంపెనీ రబ్బరు స్టాంపు, గీసినట్టున్న సంతకం, తేదీ జూన్ 25. అగ్రిమెంటు ఫైల్లో మొదటి పేజీకి పిన్ను కొట్టాను.

జూలై 6

ఆషాఢం మొదలు. నాన్న క్యాలెండర్లో శ్రావణం దాకా గళ్లు లెక్కపెడుతున్నారు.

సైటుకు వెళ్లాం. ఆరో అంతస్తులో ఒక స్కూలు టీచర్ గారు, రెండో అంతస్తులో ఒక రిటైర్డ్ ఇంజినీరు గారు కనబడ్డారు. టీచర్ గారు 7 లక్షల 12 వేలు కట్టేశారు. రసీదు చూపించారు. ఒకే వాక్యం, ఒకే అంకె.

"విడదీయమని అడగొచ్చా అమ్మా ఇప్పుడు?"

అడగొచ్చన్నాను. అడగడానికి గడువు లేదు. చేతిలో ఉన్న బలం మాత్రం తగ్గుతుంది. అది ఆమెకు చెప్పలేదు. ఉత్తరం కాపీ ఫోన్లో పంపాను.

జూలై 9

జవాబు వచ్చింది. లెటర్‌హెడ్ మీద. సంతకంతో.

అడిగినట్టే టేబుల్ వేశారు. పద్దు, రేటు, విస్తీర్ణం, పన్ను, క్లాజు. క్లాజు కాలమ్‌లో కొన్నిచోట్ల నంబరు ఉంది. మూడు చోట్ల అడ్డగీత. కార్పస్‌లో అదనపు పది రూపాయలు, రెండో ఏడాది మెయింటెనెన్స్, లీగల్.

ఆ మూడు గీతల కోసమే ఈ ఉత్తరం. ఫోన్‌లో ఎవరూ గీత చదవరు.

ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కాపీ కూడా పంపారు. జీహెచ్ఎంసీ ఇచ్చింది. తేదీ మే 28. టేబుల్లో మెయింటెనెన్స్ మొదలు ఏప్రిల్ 1. సర్టిఫికెట్ రాకముందు దాదాపు రెండు నెలలు మేం ఎక్కడ ఉన్నట్టు? మా అగ్రిమెంటు ప్రకారం మెయింటెనెన్స్ మొదలయ్యేది అప్పగింత తేదీ నుంచి. రెరా చట్టం 11వ సెక్షన్ ప్రకారం కూడా, పొజెషన్ ఇచ్చేదాకా ప్రాజెక్టు మీది బకాయిలు, ఛార్జీలు బిల్డర్‌వే.

ఈ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టకపోతే ఇది కనబడదు.

జూలై 13

రిటైర్డ్ ఇంజినీరు గారు కరెంటు పంపిణీ సంస్థలోనే పనిచేసి రిటైరయ్యారు. బిల్డర్ జవాబుతో పంపిన రసీదులు ఆయన ముందు పెట్టాను. కళ్లజోడు మార్చుకుని చదివారు. మధ్యలో మాట్లాడనివ్వలేదు.

డిమాండ్ నోటీసు మొత్తం బిల్డింగుకు ఒకటే వస్తుంది. అందులో డెవలప్‌మెంట్ ఛార్జీలు, సెక్యూరిటీ డిపాజిట్ ఉంటాయి, అన్నీ లోడు మీద లెక్క. వాటర్ బోర్డుదీ అంతే, మొత్తానికి ఒక కనెక్షన్. ట్రాన్స్‌ఫార్మర్ యార్డు, ప్యానెల్ బోర్డులు, కేబుళ్లు బిల్డర్ సొంతంగా పెట్టుకునేవి. వాటికి సంస్థ రసీదు రాదు.

కరెంటుకు కట్టింది 1,03,42,600. వాటర్ బోర్డుకు 58,11,400. ప్రాజెక్టు మొత్తం అమ్మిన విస్తీర్ణం 2,94,000 అడుగులు. పంచితే అడుగుకు 55 కంటే కాస్త తక్కువ. మా ఫ్లాటుకు 90,660.

అడిగింది 125.

మిగతా 70 ఏమిటి? బిల్డర్ టేబుల్లో "ఇన్‌ఫ్రా" కింద రాసుకున్నారు: జనరేటర్లు, ప్యానెళ్లు, మురుగునీటి శుద్ధి ప్లాంటు. షెడ్యూలులో ధరలో కలిసినవాటిలోనే జనరేటర్లూ ప్లాంటూ ఉన్నాయి.

"ఒక్క ఫ్లాటుకు చూస్తే చిన్నగా ఉంటుందమ్మా" అన్నారు ఇంజినీరు గారు. క్యాలిక్యులేటర్ తిప్పి చూపించారు. 70 ఇంటూ 2,94,000. రెండు కోట్ల అయిదు లక్షల ఎనభై వేలు.

ఆయన రసీదుల మీద పెన్సిల్ గీతలు పెట్టలేదు. జిరాక్సు మీద పెట్టారు. ఆఫీసు అలవాటు.

జూలై 18

కంపెనీ ఆఫీసు. ఫైనాన్స్ జీఎమ్ గారు. ఏసీ బాగా ఎక్కువ.

మా ముగ్గురినీ చూసి, ఒక్కొక్కరితో విడివిడిగా మాట్లాడతానన్నారు. కలిసే మాట్లాడతామన్నాం.

లీగల్ ఛార్జీ తీసేశారు, అడగ్గానే. అడ్వొకేట్ ఫీజు రసీదు చూపించమన్నాను, అంతే.

రెండో ఏడాది మెయింటెనెన్స్ తీసేశారు. అప్పగింత తేదీ నుంచే లెక్క అని ఒప్పుకున్నారు.

కార్పస్ 50కి వచ్చింది. పన్ను తీసేశారు. "మా ఆడిటర్ ముందుజాగ్రత్తగా వేశారు మేడమ్" అన్నారు. ఎవరి ముందుజాగ్రత్తో అడగలేదు.

కరెంటు, నీళ్లు రసీదుల ప్రకారం 90,660, పన్ను లేకుండా.

ఇన్‌ఫ్రా దగ్గర ఆగారు. "ప్రాజెక్టు కాస్టు పెరిగింది. అన్ని టవర్లలో తీసుకున్నాం." తీసుకోవడం వేరు, అగ్రిమెంటులో ఉండటం వేరు అని టీచర్ గారు అన్నారు. ఆమె అంత గట్టిగా మాట్లాడతారని అనుకోలేదు. జీఎమ్ గారు కొంచెంసేపు ఫోన్ చూసుకున్నారు.

నాలుగు పద్దులు తేలాయి. ఒకటి తేలలేదు. మాట్లాడినవన్నీ మెయిల్‌లో పెట్టమన్నాను. "మాటిచ్చాను కదా మేడమ్." సాయంత్రం నేనే రాసి పంపాను: ఇవాళ సమావేశంలో ఒప్పుకున్నవి ఇవీ, తేడా ఉంటే తెలపగలరు.

జూలై 24

సవరించిన డిమాండ్. మొత్తం 5,93,224. మొదటి దాని కంటే 1,62,019 తక్కువ. ఇందులో ఇన్‌ఫ్రా, పన్నుతో, 1,36,290 ఇంకా ఉంది. వడ్డీ గీత లేదు. వడ్డీ గురించి ఒక్క మాట కూడా లేదు.

కరెంటు, నీళ్ల 90,660 ఇవాళే కట్టాను, టీడీఎస్ పట్టి.

ఆయన క్యాలిక్యులేటర్లో 1,62,019 కొట్టి కొంతసేపు దాన్నే చూశారు. తర్వాత టీ పెట్టారు. ఎప్పుడూ పెట్టరు.

జూలై 29

ఇన్‌ఫ్రా డబ్బు కట్టకపోతే తాళాలు ఇవ్వరట. రాతలో కాదు, ఫోన్‌లో.

నాన్నకు ఎలా చెప్పాలి. పంతులు గారు, వంటవాళ్లు, మేనత్తల టిక్కెట్లు, అన్నీ అయ్యాయి.

రాత్రంతా ఇద్దరం ఆలోచించాం. కడతాం. అయితే విడిగా, ఉత్తరంతో: ఈ మొత్తం అగ్రిమెంటులో లేదని నా అభ్యంతరం. పొజెషన్ కోసం మాత్రమే చెల్లిస్తున్నాను. తిరిగి పొందే హక్కు, రెరా అథారిటీని ఆశ్రయించే హక్కు నాకున్నాయి. ట్రాన్స్‌ఫర్ రిమార్క్స్‌లో కూడా "అండర్ ప్రొటెస్ట్". ఆ గడిలో అక్షరాలు సరిపోవు, కుదించాను.

అభ్యంతరం చెప్పకుండా కడితే ఒప్పుకుని కట్టినట్టే వాదిస్తారు. చెప్పి కడితే ఆ వాదన అంత తేలిగ్గా నిలబడదు.

ఆగస్టు 2

పొజెషన్ లెటర్ సంతకానికి ఇచ్చారు. రెండు పేజీలు. రెండో పేజీ కింద, చిన్న అక్షరాల్లో: ఫ్లాటు, విస్తీర్ణం, వసతులు, చెల్లింపులు అన్నింటితో సంతృప్తి చెందాను, కంపెనీ మీద నాకు ఎలాంటి క్లెయిములూ లేవు, ఇకముందు ఉండవు.

మొన్న అభ్యంతరంతో కట్టిన డబ్బుకు ఇవాళ సంతృప్తి రాయించుకుంటున్నారు.

2020లో సుప్రీంకోర్టు బెంగళూరు ఫ్లాట్ల కేసులో ఒక మాట చెప్పింది. తాళాలూ రిజిస్ట్రేషనూ కావాలంటే పరిహారం అడిగే హక్కు వదులుకోవాలని బిల్డర్ షరతు పెట్టడం అన్యాయమని. అది తెలిసినా, సంతకం పెట్టాక కోర్టులో వివరించుకోవడం కన్నా సంతకానికి ముందే గీత కొట్టడం నయం.

పెన్నుతో ఆ పేరా కొట్టేసి, పక్కన పొట్టి సంతకం చేసి, "29-7-2024 నాటి నా ఉత్తరానికి లోబడి" అని రాశాను. కౌంటర్లో అబ్బాయి లోపలికి వెళ్లి చాలాసేపు రాలేదు. వచ్చి, "ఓకే మేడమ్" అన్నాడు. నా కాపీ మీద కూడా స్టాంపు వేయించుకున్నాను.

తాళాల గుత్తి ఇచ్చాడు. బాత్రూమ్ తాళం చెవి ఒకటి తక్కువ. అదీ రాయించాను.

ఆగస్టు చివర

గృహప్రవేశం బాగా జరిగింది. నాన్న పాలు పొంగేదాకా స్టవ్ దగ్గర నుంచి కదల్లేదు. లిఫ్టు ఒకసారి ఆగింది, జనరేటరు వెంటనే అందుకుంది. ఇంజినీరు గారు ఆ శబ్దం విని నా వంక చూశారు.

సెప్టెంబరు 14

రెరాకు ఫారం ఎం. ఇన్‌ఫ్రా పద్దు ఒక్కదాని మీదే. వేరే ఏవీ కలపకూడదని అందరం అనుకున్నాం. గోడల పగుళ్లు, పార్కింగ్ గీతలు, క్లబ్‌హౌస్ టైల్స్ తర్వాత చూద్దాం.

టీచర్ గారితో కలిపి ఇరవై మందికి పైగా సంతకాలు. వాళ్లలో చాలామందికి బ్రేకప్ లేదు, ఒకే అంకె రసీదు ఉంది. వాళ్ల రసీదుల వెనక నాకొచ్చిన లెటర్‌హెడ్ టేబుల్ జత చేస్తున్నాం, రేటు అందరికీ ఒకటేనని చూపించడానికి. అనుబంధాల వరస: అగ్రిమెంటు షెడ్యూలు, జూన్ 12 మెయిల్, జూన్ 20 ఉత్తరం, అక్నాలెడ్జ్‌మెంట్ కార్డు, జూలై 9 టేబుల్, కరెంటు, వాటర్ బోర్డు రసీదులు, జూలై 18 సమావేశం మెయిల్, అభ్యంతరం ఉత్తరం, ట్రాన్స్‌ఫర్ స్లిప్పులు.

టీచర్ గారు పేజీ నంబర్లు వేస్తున్నారు. ఇండెక్సు నాది. కార్పస్ ఖాతా స్టేట్‌మెంట్ అడుగుతూ అసోసియేషన్ తరఫున ఇంకో ఉత్తరం రాయాలి. అడుగుకు 50 చొప్పున 2,94,000 అడుగులకు కోటీ నలభై ఏడు లక్షలు. ఏ బ్యాంకులో ఉందో జూలై 9 జవాబులో రాయలేదు.